ఆటో డెబిట్‌లు ఉన్న బ్యాంకు ఖాతాను మూసేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మారినప్పుడల్లా పాత జీతం ఖాతా ఒకటి మిగిలిపోతుంది. దాన్ని మూసేద్దామని బయలుదేరినవారు నన్ను అడిగే సందేహాలు ఏళ్లుగా దాదాపు అవే. వాటిని దశలవారీగా ఇక్కడ రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నది ఇంటి రుణం వాయిదా, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టే ఒకటి రెండు సిప్‌లు, బీమా ప్రీమియం ముడిపడి ఉన్న పొదుపు ఖాతాను.

## మొదలుపెట్టే ముందు

ఖాతా మూసేస్తే ఆటో డెబిట్‌లు వాటంతట అవే ఆగిపోతాయి కదా?

డబ్బు పోవడం ఆగుతుంది, అడగడం ఆగదు. ఈఎంఐ వసూలు చేసుకునే అనుమతి మీరు ఇచ్చింది రుణ సంస్థకు. మీ ఖాతా మూతపడిందని ఆ సంస్థకు ఎవరూ చెప్పరు. నెల తిరిగేసరికి అది తన బ్యాంకు ద్వారా ఎప్పటిలాగే వసూలు అభ్యర్థన పంపుతుంది. మీ పాత బ్యాంకు ‘ఖాతా మూసివేయబడింది’ అన్న కారణంతో దాన్ని తిప్పి పంపుతుంది. ఇక అక్కడి నుంచి అది కట్టని వాయిదా. బౌన్స్ రుసుము పడుతుంది, ఒప్పందంలో ఉన్న జరిమానా కలుస్తుంది, ఆలస్యం మీ రుణ చరిత్రలోకి ఎక్కుతుంది. మీకు తెలిసేది రుణ సంస్థ ఫోను చేసినప్పుడే.

అందుకే మూసివేత ఫారం ఈ పనిలో చివరి కాగితం కావాలి. చాలామంది దాన్నే మొదట నింపుతారు.

స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, ఆటో డెబిట్ రెండూ ఒకటేనా?

ఖాతాలోంచి డబ్బు వెళ్లడం చూస్తే ఒకటే అనిపిస్తుంది. ఎవరు మొదలుపెడతారన్నది తేడా. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ మీరు మీ బ్యాంకుకు ఇచ్చిన ఆదేశం. ప్రతి నెలా ఇంత మొత్తం రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, లాకరు అద్దె ఈ ఖాతాలోంచే తీసుకోండి, ఫలానా ఖాతాకు పంపండి అని చెప్పడం. దాన్ని మార్చాలన్నా ఆపాలన్నా మీ బ్యాంకు చాలు.

ఆటో డెబిట్‌లో అడిగేది అవతలివారు. రుణ సంస్థ, మ్యూచువల్ ఫండ్, బీమా కంపెనీ మీ సంతకంతో తీసుకున్న అనుమతిని, అంటే మాండేట్‌ను చూపించి మీ బ్యాంకు నుంచి డబ్బు రాబట్టుకుంటాయి. ఇది ఎక్కువగా నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే నాచ్ వ్యవస్థ మీదుగా సాగుతుంది. పాతవాళ్లు ఇప్పటికీ ఈసీఎస్ అంటారు, దాని స్థానంలో వచ్చిందే నాచ్. ఇవి కాక డెబిట్ కార్డు మీద ఇచ్చిన మాండేట్లు, యూపీఐ ఆటోపే వేరుగా ఉంటాయి. వీటిలో దేన్నయినా కొత్త ఖాతాకు మార్చాలంటే వెళ్లవలసింది డబ్బు అందుకునే సంస్థ దగ్గరికి.

నా ఖాతాకు ఏమేమి ముడిపడి ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి?

జ్ఞాపకాన్ని నమ్మకండి. పదమూడు నెలల స్టేట్‌మెంట్ దించుకోండి. మూడు నెలలదే చూస్తే ఏడాదికోసారి పోయే బీమా ప్రీమియం, లాకరు అద్దె కనిపించవు. పన్నెండు నెలలు సరిగ్గా తీసుకున్నా, తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిగితే వార్షిక డెబిట్ ఒకటి జారిపోవచ్చు.

స్టేట్‌మెంట్ ఫైలును కంప్యూటర్‌లో తెరిచి `ACH`, `NACH`, `ECS`, `SI`, `MANDATE`, `AUTOPAY` అన్న మాటల కోసం ఒక్కొక్కటిగా వెతకండి. బ్యాంకును బట్టి రాత మారుతుంది కానీ సాధారణంగా ఈ మాటల్లో ఒకటి తగులుతుంది. దొరికిన ప్రతి దానికీ సంస్థ పేరు, మొత్తం, తేదీ కాగితం మీద రాసుకోండి.

ఆ తర్వాత నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల పేజీ చూడండి. ప్రతి నాచ్ మాండేట్‌కూ యూఎంఆర్ఎన్ అనే ఇరవై అక్షరాల సంఖ్య ఉంటుంది. ఫిర్యాదు చేయవలసి వస్తే దానితోనే మాట్లాడాలి కాబట్టి దాన్నీ రాసుకోండి. పేజీలో కనిపించి స్టేట్‌మెంట్‌లో కనిపించని మాండేట్లు సాధారణంగా తీరిపోయిన రుణాలవి. వాటిని వెంటనే రద్దు చేయించవచ్చు.

మూయకుండా ఊరికే వదిలేస్తే నష్టం ఏమిటి?

జీతం పడడం ఆగాక బ్యాంకు దాన్ని మామూలు పొదుపు ఖాతాగా మార్చేస్తుంది. అప్పటి నుంచి కనీస నిల్వ నిబంధన ఉన్న బ్యాంకుల్లో రుసుములు మొదలవుతాయి. కనీస నిల్వ రుసుము కారణంగానే ఖాతా నిల్వ సున్నా కిందకు పోకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కాబట్టి అప్పు మిగలదు, కానీ ఉన్న డబ్బు కరిగిపోతుంది. రెండేళ్లపాటు లావాదేవీలు లేకపోతే ఖాతా నిష్క్రియం అవుతుంది. పదేళ్లు దాటితే అందులోని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది. తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు కానీ తిరుగుడు ఎక్కువ. అక్కరలేని ఖాతాను పద్ధతిగా మూయడమే మేలు.

## డెబిట్‌లను కొత్త ఖాతాకు మార్చే దశ

ఉన్న నాచ్ మాండేట్‌నే కొత్త బ్యాంకుకు బదిలీ చేయవచ్చా?

కుదరదు. మాండేట్ అంటే ఒక ఖాతా సంఖ్య మీద, ఒక బ్యాంకు దగ్గర నమోదైన అనుమతి. ఖాతా మారితే కొత్త అనుమతి, కొత్త యూఎంఆర్ఎన్ కావలసిందే. ఫోను నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకున్నట్టు బ్యాంకు ఖాతాను మార్చుకునే వీలు ఇక్కడ లేదు. ఎవరైనా మీ తరఫున మొత్తం మార్చేస్తామని చెప్పినా, ప్రతి సంస్థకూ మీ ఆమోదం విడివిడిగా అవసరమవుతుంది.

ఇంటి రుణం ఈఎంఐని వేరే బ్యాంకు ఖాతాకు మార్చడానికి ఏం చేయాలి? ఎన్ని రోజులు పడుతుంది?

రుణ సంస్థ శాఖలో గానీ వారి యాప్‌లో గానీ ‘ఈఎంఐ ఖాతా మార్పు’ కోసం అభ్యర్థన ఇవ్వాలి. కొన్నిచోట్ల దీన్నే స్వాప్ అంటారు. మీ పేరు అచ్చయిన, క్యాన్సిల్ చేసిన కొత్త ఖాతా చెక్కు, గుర్తింపు పత్రం, నింపిన మాండేట్ ఫారం ఇవ్వాలి. నెట్ బ్యాంకింగ్, డెబిట్ కార్డు లేదా ఆధార్ ద్వారా ఆన్‌లైన్‌లోనే ఆమోదించే ఈ-మాండేట్ సదుపాయం ఉంటే దాన్నే ఎంచుకోండి. అది తరచూ కొద్ది రోజుల్లో నమోదవుతుంది. కాగితపు మాండేట్ మాత్రం రుణ సంస్థ నుంచి దాని బ్యాంకుకు, అక్కడి నుంచి మీ కొత్త బ్యాంకుకు వెళ్లి, సంతకం సరిపోయాక తిరిగి రావాలి. దానికి రెండు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

అభ్యర్థన ఇవ్వడానికి సరైన సమయం ఈ నెల ఈఎంఐ పోయిన మర్నాడు. అప్పుడు చేతిలో దాదాపు నెల ఉంటుంది. వాయిదా తేదీకి వారం ముందు ఇస్తే ఆ నెల వసూలు జాబితా అప్పటికే తయారై ఉంటుంది, పాత ఖాతా నుంచే అడుగుతారు. ‘ఏ నెల వాయిదా నుంచి కొత్త ఖాతాలో తీసుకుంటారు?’ అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. కౌంటరులో నోటిమాటగా వచ్చే ‘అయిపోతుంది’ మీద ఆధారపడి ఖాతా మూసినవారే ఎక్కువగా ఇబ్బంది పడ్డారు.

కొత్త మాండేట్ తిరస్కరించారని సందేశం వచ్చింది. కారణం ఏమై ఉంటుంది?

కాగితపు ఫారంలో అన్నిటికన్నా సాధారణమైన కారణం సంతకం. కొత్త బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు పెట్టిన సంతకానికీ, ఫారం మీది సంతకానికీ పొంతన కుదరదు. ఆన్‌లైన్‌లో తెరిచిన ఖాతాల్లో ఒక్కోసారి బ్యాంకు దగ్గర మీ సంతకమే ఉండదు, అప్పుడు శాఖకు వెళ్లి నమోదు చేయించాలి. పేరు రాతలో తేడా ఇంకో కారణం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండడం మన పేర్లలో మామూలే. ఇద్దరి సంతకాలూ తప్పనిసరి అయిన ఉమ్మడి ఖాతాకు ఒక్కరి సంతకంతో పంపినా తిరిగి వస్తుంది.

తిరస్కరణ సందేశంలో కారణం ఉంటుంది. దాన్ని సరిచేయకుండా అదే ఫారం మళ్లీ పంపితే మళ్లీ అన్ని వారాలూ వృథా.

రుణం తీసుకున్నప్పుడు పాత ఖాతా చెక్కులు హామీగా ఇచ్చాను. వాటి సంగతేమిటి?

ఈ విషయం అడిగేవారు తక్కువ, అడగవలసినవారు చాలామంది. మాండేట్ మార్చినా ఆ చెక్కులు రుణ సంస్థ బీరువాలో అలాగే ఉంటాయి. ఖాతా మూసేశాక వాటిలో ఒకటి బ్యాంకుకు వెళ్తే అది చెల్లని చెక్కు అవుతుంది. ‘ఖాతా మూసేశారు’ అన్న కారణంతో తిరిగొచ్చిన చెక్కు కూడా, చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. ఈఎంఐ ఖాతా మార్పు అభ్యర్థనలోనే పాత చెక్కుల సంఖ్యలు రాసి, కొత్త ఖాతా చెక్కులు ఇచ్చి, పాతవి వెనక్కి తీసుకోండి. వెంటనే ఇవ్వలేమంటే, వాటిని వాడబోమని రాతపూర్వకంగా తీసుకోండి.

సిప్‌లు కొత్త ఖాతాకు మారడానికి ఏం చేయాలి? మధ్యలో ఒక నెల తప్పితే నష్టమా?

ఇందులో రెండు పనులు ఉన్నాయి. ఒకటి నెలనెలా డబ్బు తీసుకునే మాండేట్‌ను కొత్త ఖాతా మీద పెట్టడం. రెండోది, ఫోలియోలో, అంటే ఫండ్ సంస్థ దగ్గర మీ పెట్టుబడి ఖాతాలో నమోదైన బ్యాంకు ఖాతాను మార్చడం. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. యూనిట్లు అమ్మినప్పుడు డబ్బు ఫోలియోలో ఉన్న ఖాతాకే వెళ్తుంది. ఆ ఖాతా మూతపడి ఉంటే చెల్లింపు తిరిగి ఫండ్ సంస్థకు చేరుతుంది, మీకు అవసరమైన సమయంలో చేతికి రాదు. పాత ఖాతా బతికి ఉండగా బ్యాంకు మార్పు తేలిక, ఎందుకంటే పాత ఖాతా రుజువు కూడా అడిగే అవకాశం ఉంది.

ఒక నెల సిప్ తప్పితే మ్యూచువల్ ఫండ్ జరిమానా వేయదు. ఖాతాలో డబ్బు చాలక తప్పితే మీ బ్యాంకు మాత్రం రుసుము వేస్తుంది. నెలవారీ సిప్ వరుసగా మూడుసార్లు విఫలమైతే రద్దవుతుంది. కాబట్టి పాత సిప్‌ను మీరే రద్దు చేసి, కొత్త మాండేట్ నమోదయ్యాక మళ్లీ మొదలుపెట్టడంలో కంగారు పడవలసింది ఏమీ లేదు.

జీవిత బీమా ప్రీమియం ఏడాదికోసారి పోతుంది. ఇంకా ఎనిమిది నెలలు ఉంది. అప్పటిదాకా ఆగాలా?

ఆగనక్కరలేదు. ఇప్పుడే కొత్త ఖాతా మీద మాండేట్ ఇచ్చి, అది నమోదైందని బీమా కంపెనీ నుంచి ధ్రువీకరణ, యూఎంఆర్ఎన్ తీసుకోండి. నెలవారీ డెబిట్‌లా ఒకసారి పోయిందని కళ్లతో చూసి నిర్ధారించుకునే వీలు దీనికి లేదు కాబట్టి ఆ సంఖ్యే మీ రుజువు. ప్రీమియం తేదీకి పది రోజుల ముందు ఫోనులో ఒక రిమైండర్ పెట్టుకోండి. ఏదైనా తేడా వచ్చినా గడువు తర్వాత కొంత వెసులుబాటు ఉంటుంది. నెలవారీ పాలసీలకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు. ఆలోగా ఆన్‌లైన్‌లో మీరే కట్టేయవచ్చు.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలు ఈ ఖాతాలోంచే పోతున్నాయి. ఖాతా మూస్తే అవి ఏమవుతాయి?

ఆగిపోతాయి. చిన్న మొత్తాలు కాబట్టి ఎవరూ పట్టించుకోని డెబిట్‌లు ఇవి. జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, సురక్షాకు 20 రూపాయలు, మే నెలాఖరులో పోతాయి. రెండింటికీ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. ప్రీమియం కట్టేసి ఉన్నా, ఖాతా మూసేస్తే రక్షణ ముగుస్తుందని పథకం నిబంధనల్లోనే ఉంది. అంటే ఆగస్టులో ఖాతా మూసిన వ్యక్తి అక్టోబరులో మరణిస్తే, కుటుంబానికి అందవలసిన 2 లక్షల రూపాయలు అందవు.

కొత్త ఖాతా నుంచి మళ్లీ చేరవచ్చు. కానీ జీవన్ జ్యోతిలో కొత్తగా చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం కాని కారణంతో మరణిస్తే బీమా వర్తించదు. పైగా ఇందులో చేరడానికి వయసు 18 నుంచి 50 ఏళ్లు. ముందే చేరినవారికి 55 వరకు కొనసాగుతుంది. 50 దాటినవారు పాత ఖాతా మూస్తే కొత్తగా చేరే దారి ఉండదు. అలాంటివారు ఈ ఒక్క పథకం కోసమైనా పాత ఖాతాను కనీస నిల్వ అక్కరలేని రకానికి మార్పించుకుని ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. వయసు తక్కువ ఉన్నవారు వీలైతే మే 31 వరకు పాత ఖాతాను ఉంచి, కొత్త బీమా ఏడాదికి కొత్త ఖాతా నుంచి చేరడం మంచిది.

అటల్ పెన్షన్ యోజన కూడా పొదుపు ఖాతాకే ముడిపడి ఉంటుంది. దాన్ని కొత్త బ్యాంకుకు మార్పించుకున్నాకే పాతదాన్ని మూయాలి.

యూపీఐ ఆటోపే, కార్డు మీద ఉన్న చందాలు ఎలా మార్చాలి?

ఇవి తేలిక. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే నడుస్తున్న మాండేట్లన్నీ కనిపిస్తాయి, అక్కడే రద్దు చేయవచ్చు. ఒకటికి మించి యూపీఐ యాప్‌లు వాడేవారు ప్రతి యాప్‌లోనూ చూడాలి. తర్వాత చందా తీసుకునే సంస్థ యాప్‌లోకి వెళ్లి కొత్త ఖాతాతో మళ్లీ ఆమోదించాలి. డెబిట్ కార్డు మాండేట్లకు బ్యాంకు కార్డుల పేజీలో రద్దు సదుపాయం ఉంటుంది. కార్డు మాండేట్‌లో డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సందేశం పంపాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి మరిచిపోయిన చందాలు పాత సందేశాల్లో దొరుకుతాయి.

డబ్బు పోయేవి సరే, ఈ ఖాతాలోకి వచ్చే డబ్బు?

గ్యాస్ రాయితీ వంటి ప్రభుత్వ చెల్లింపులు ఆధార్‌కు అనుసంధానమైన ఖాతాలో పడతాయి. కొత్త బ్యాంకులో అనుసంధానం కోరితే ఆధార్ వెబ్‌సైటులోని బ్యాంకు అనుసంధాన స్థితి పేజీలో బ్యాంకు పేరు మారి కనిపించాలి. ఆదాయపు పన్ను వాపసుకు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో కొత్త ఖాతాను ముందుగా ధ్రువీకరించుకోవాలి. షేర్ల డివిడెండ్ల కోసం డీమ్యాట్ ఖాతాలోనూ, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కోసం ఆ డిపాజిట్ ఉన్న బ్యాంకులోనూ మార్చుకోవాలి.

## రెండు ఖాతాలూ నడిచే నెలలు

పాత మాండేట్‌ను ఎప్పుడు రద్దు చేయాలి?

కొత్త ఖాతా నుంచి ఒక్క వాయిదా అయినా నిజంగా పోయిన తర్వాత. ‘నమోదైంది’ అన్న సందేశం చాలదు. నమోదైన మాండేట్‌నే రుణ సంస్థ వాడుతోందన్న రుజువు డెబిట్ మాత్రమే ఇస్తుంది. అది కళ్లారా చూశాక పాత బ్యాంకులో యూఎంఆర్ఎన్ ఇచ్చి రద్దు చేయించండి, రుణ సంస్థకు కూడా తెలియజేయండి.

ఒక ఉదాహరణతో తేదీలు చెబుతారా?

ఇంటి రుణం ఈఎంఐ 21,600 రూపాయలు, ప్రతి నెలా 5న. సిప్ 3,000 రూపాయలు, 10న. జూన్ 5న ఈఎంఐ పాత ఖాతా నుంచి పోయింది. జూన్ 9న రుణ సంస్థకు కాగితపు మాండేట్ ఇచ్చారు. జూన్ 12న కొత్త సిప్ మాండేట్ ఆన్‌లైన్‌లో ఆమోదించారు, దాని మొదటి వాయిదా ఆగస్టు 10న అని వచ్చింది.

జూన్ 27న ఈఎంఐ మాండేట్ నమోదైందని సందేశం వచ్చింది. ఇక్కడే చాలామంది పాత ఖాతాను ఖాళీ చేసేస్తారు. అడిగితే తెలిసిందేమిటంటే, జూలై వసూలు జాబితా అప్పటికే పాత ఖాతాతో సిద్ధమైపోయింది. అంటే జూలై 5న 21,600, జూలై 10న 3,000, మొత్తం 24,600 రూపాయలు పాత ఖాతాలో ఉండాలి. దానికి పైన కనీస నిల్వ ఉంచాలి. అదే సమయంలో కొత్త ఖాతాలో కూడా ఒక ఈఎంఐకి సరిపడా ఉంచడం మంచిది, ఏ వైపు నుంచి అడిగినా తిరిగిపోకుండా.

జూలైలో రెండూ పాత ఖాతా నుంచే పోయాయి. పాత సిప్‌ను జూలై 12న రద్దు చేశారు. ఆగస్టు 5న ఈఎంఐ, 10న సిప్ కొత్త ఖాతా నుంచి పోయాయి. ఆగస్టు 11న పాత మాండేట్లు రద్దు చేయించి, వారం ఆగి, మాండేట్ల పేజీ ఖాళీగా ఉందని చూసి, 18న మూసివేత ఫారం ఇచ్చారు. మొత్తం పది వారాలు. తొందరపడి జూన్ 30న మూసి ఉంటే జూలై ఈఎంఐ తిరిగిపోయేది.

ఒకే నెల రెండు ఖాతాల నుంచీ ఈఎంఐ పోయింది. ఎలా?

పాత, కొత్త మాండేట్లు రెండూ బతికి ఉన్న నెలలో ఇలా జరగడానికి వీలుంది. రెండు స్టేట్‌మెంట్లూ జతచేసి రుణ సంస్థకు ఈమెయిల్ పంపండి. వాపసు కావాలా, అసలులో జమ చేయాలా అన్నది మీరే స్పష్టంగా రాయండి. రాయకపోతే ఆ డబ్బును వచ్చే నెల వాయిదా కోసం పక్కన పెడతారు, మీకు వడ్డీ కలిసిరాదు.

## మూసే రోజు

శాఖకు ఏం తీసుకెళ్లాలి? రుసుము ఉంటుందా?

మూసివేత ఫారం, గుర్తింపు పత్రం, పాన్, మిగిలిన చెక్కులు, డెబిట్ కార్డు. ఉమ్మడి ఖాతా అయితే ఖాతాదారులందరి సంతకాలు కావాలి. మిగిలిన నిల్వను కొత్త ఖాతాకు పంపమని ఫారంలోనే రాయండి. ఏడాది దాటిన పొదుపు ఖాతాకు చాలా బ్యాంకులు మూసివేత రుసుము తీసుకోవు. ఏడాది లోపు అయితే రుసుము ఉండవచ్చు, మీ బ్యాంకు రుసుముల పట్టికలో చూసుకోండి.

వెళ్లే ముందు రోజే స్టేట్‌మెంట్లు, వడ్డీ ధ్రువపత్రం దించుకోండి. ఖాతా మూతపడగానే నెట్ బ్యాంకింగ్ తెరుచుకోదు. ఫారం ఇచ్చినప్పుడు తేదీ, ముద్రతో రసీదు, మూసేశాక ధ్రువీకరణ లేఖ తప్పకుండా తీసుకోండి.

‘మీ ఖాతా మీద ఇన్‌స్ట్రక్షన్ ఉంది, మూయలేం’ అంటున్నారు. నాకేమీ కనిపించడం లేదు.

అది ఏ రకమో, సంఖ్య ఏమిటో తెర మీద చూసి చెప్పమని అడగండి. తరచూ అది నెట్ బ్యాంకింగ్‌లో కనిపించని లోపలి ముడి: లాకరు అద్దె, ముగిసిన రికరింగ్ డిపాజిట్, స్వీప్ డిపాజిట్, లేదా అదే బ్యాంకు క్రెడిట్ కార్డు బిల్లు. శాఖలోనే విడదీయగలరు. బ్యాంకు ఇలా ఆపిందంటే అది మీకు ఉపకారమే. ఏమీ అడగకుండా మూసేసే శాఖలూ ఉన్నాయి, ఆ తర్వాత భారం మీదే.

## మూసిన తర్వాత

ఖాతా మూసేశాను, ఈఎంఐ తిరిగిపోయిందని సందేశం వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ఆ రోజే రుణ సంస్థ యాప్ లేదా వెబ్‌సైటు ద్వారా వాయిదా మొత్తం కట్టేయండి. మాండేట్ గొడవ తర్వాత చూసుకోవచ్చు. రుణ సమాచారం ఇప్పుడు నెలలో ఒకసారి కన్నా ఎక్కువగా క్రెడిట్ బ్యూరోలకు వెళ్తోంది కాబట్టి నెలాఖరు వరకు సమయం ఉందనుకోకండి. కట్టిన రసీదుతో పాటు, ఖాతా మార్పు అభ్యర్థన ఏ తేదీన ఇచ్చారో చూపిస్తూ బౌన్స్ రుసుము మాఫీ చేయమని రాయండి. తప్పు వారి వైపు ఉంటే సాధారణంగా మాఫీ అవుతుంది.

దీనికి కేసు కూడా పెడతారా?

డబ్బు చాలక ఎలక్ట్రానిక్ డెబిట్ తిరిగిపోవడాన్ని పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007లోని 25వ సెక్షన్ చెక్కు బౌన్స్‌తో సమానంగా చూస్తుంది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. అయితే నేరుగా కేసు వేయరు. మొదట రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అందిన 15 రోజుల్లోగా కట్టేస్తే కేసుకు ఆధారం ఉండదు. భయపడవలసింది నోటీసు చూసి కాదు, అది పాత చిరునామాకు వెళ్లి మీకు అందకపోవడం గురించి. ఇల్లు మారినవారు రుణ సంస్థ దగ్గర చిరునామా కూడా మార్చుకోండి.

పాత బ్యాంకులో మాండేట్ రద్దు చేయించాక కూడా డబ్బు తీసుకున్నారు. ఎవరిని అడగాలి?

మీ బ్యాంకునే. రద్దు చేసిన నాచ్ మాండేట్ మీద డబ్బు పోతే బాధ్యత ఖాతాదారు బ్యాంకుదే. మరుసటి రోజుకల్లా సరిచేయాలి, ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఇది. రద్దు రసీదు, యూఎంఆర్ఎన్ జతచేసి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

మూసేసిన ఖాతాను ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలా?

చూపించాలి. ఆ ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క రోజు నడిచినా ఆ ఖాతా వివరాలు ఇవ్వాలి, మూసే నాటికి జమైన వడ్డీని ఆదాయంలో కలపాలి. వాపసు కోసం మాత్రం కొత్త ఖాతానే ఎంచుకోండి.